వార్షిక నివేదికలో పై అధికారుల జీతం: ఒకే మనిషికి వేర్వేరు అంకెలు ఎందుకు కనిపిస్తున్నాయి?

బెజవాడ మదుపరి
జూలై 21, ఉదయం

అందరికీ నమస్కారం. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఒక మధ్యస్థాయి మందుల కంపెనీలో నాకు కొద్దిపాటి షేర్లు ఉన్నాయి. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు కాబట్టి రాయడం లేదు. అంకెలను కూడా లెక్కకు వీలుగా కొంచెం గుండ్రంగా మార్చాను. ఈ ఏడాది వార్షిక నివేదిక రాగానే పై అధికారులు ఎంత తీసుకుంటున్నారో చూద్దామని కూర్చున్నాను. మూడు చోట్ల చూస్తే మూడు రకాలుగా కనిపించింది.

మేనేజింగ్ డైరెక్టర్ ప్రమోటర్ కుటుంబానికి చెందినవారు. కార్పొరేట్ గవర్నెన్స్ నివేదికలోని పట్టికలో ఆయన పారితోషికం మొత్తం 7 కోట్లు అని ఉంది. నివేదిక చివర లెక్కల నోట్స్‌లో మాత్రం ఆయన పేరు ఎదుట 8.50 కోట్లు అని ఉంది. ఆర్థిక వ్యవహారాల అధిపతి అయిన సీఎఫ్‌ఓ విషయం ఇంకా విచిత్రంగా ఉంది. బోర్డు నివేదిక అనుబంధంలో ఆయన పారితోషికం గత ఏడాది కంటే 155 శాతం పెరిగిందని రాశారు కానీ ఎంత అన్నది రాయలేదు. నోట్స్‌లో చూస్తే ఆయనకు నిరుడు 1.30 కోట్లు, ఈ ఏడు 1.45 కోట్లు. ఇది పన్నెండు శాతం కూడా లేదు. అదే అనుబంధంలో ఉద్యోగుల సగటు పెంపు 9 శాతం అని ఉంది.

ఏది నిజమైన జీతం? అసలు ఈ వివరాలను ఏ వరుసలో వెతకాలి? తెలిసినవారు చెప్పగలరు.

---

శేషు, విశాఖ
జూలై 21, మధ్యాహ్నం

మదుపరి గారూ, మీరు చూడవలసింది ఈ మూడూ కాదు. బోర్డు నివేదిక వెనుక ఎంజీటీ-9 అనే అనుబంధం ఉంటుంది. అందులో ఆరో భాగంలో మేనేజింగ్ డైరెక్టరు, మిగతా డైరెక్టర్లు, సీఎఫ్‌ఓ, కంపెనీ సెక్రటరీ, ఇలా ఒక్కొక్కరికీ జీతం, జీతంతో పాటు వచ్చే సౌకర్యాల విలువ అయిన పెర్క్విజిట్లు, స్టాక్ ఆప్షన్లు, కమీషన్ విడివిడిగా పట్టిక వేసి ఇస్తారు. నేను ఏళ్ల తరబడి దాన్నే చూసేవాణ్ణి. పీడీఎఫ్ తెరిచి MGT-9 అని వెతికితే నేరుగా అక్కడికే వెళ్తారు.

---

బెజవాడ మదుపరి
జూలై 21, మధ్యాహ్నం

శేషు గారూ, వెతికాను. ఒక్క ఫలితం కూడా రాలేదు.

---

పాత కంపెనీ సెక్రటరీ
జూలై 21, సాయంత్రం

శేషు గారు చెప్పిన పట్టిక నిజంగానే ఉండేది, చాలా చక్కగా కూడా ఉండేది. అయితే 2021 మార్చిలో కంపెనీల నిర్వహణ నియమాలను సవరించి ఎంజీటీ-9ను తీసివేశారు. అందుచేత 2019-20 వరకు ఉన్న నివేదికల్లో అది చాలావరకు దొరుకుతుంది, ఆ తరువాతి వాటిలో దొరకదు. దాని బదులుగా, వార్షిక రిటర్నును కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టి, ఆ లింకును బోర్డు నివేదికలో ఇవ్వాలి. ఆ రిటర్ను పేరు ఎంజీటీ-7. అందులో డైరెక్టర్ల, కీలక నిర్వాహక సిబ్బంది పారితోషికానికి ఒక విభాగం ఉంది. అక్కడ సీఈఓ, సీఎఫ్‌ఓ, కంపెనీ సెక్రటరీల పేర్లతో స్థూల వేతనం, కమీషన్, స్టాక్ ఆప్షన్, ఇతరాలు, మొత్తం అని నిలువు వరుసలు ఉంటాయి. సీఎఫ్‌ఓ జీతం రూపాయల్లో కావాలంటే ముందుగా వెళ్లవలసిన చోటు అదే. వార్షిక సాధారణ సమావేశం జరిగిన 60 రోజుల లోపు ఈ రిటర్ను దాఖలు చేస్తారు కాబట్టి, జూలైలో లింకు నొక్కితే కొన్నిసార్లు సగం నింపిన ముసాయిదా మాత్రమే కనిపిస్తుంది. అప్పుడు నిరుటి రిటర్నుతో సరిపెట్టుకొని, శీతాకాలంలో మళ్లీ చూడాలి.

ఇక మీ అసలు ప్రశ్న. మీరు చూసిన మూడు చోట్లనూ మూడు వేర్వేరు శాసనాలు శాసిస్తున్నాయి. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. మీరు మూడింటినీ ఒకే ప్రశ్న అడుగుతున్నారు.

బోర్డు నివేదికలోని అనుబంధం కంపెనీల చట్టం 197వ సెక్షన్ 12వ ఉపసెక్షన్ ప్రకారం, 2014 నాటి నియమాల్లో 5వ నియమం కింద వస్తుంది. డైరెక్టర్లకైతే ఒక్కొక్కరి పారితోషికం ఉద్యోగుల మధ్యస్థ వేతనానికి ఎన్ని రెట్లో చెప్పాలి, పెంపు శాతమూ చెప్పాలి. డైరెక్టరు కాని సీఎఫ్‌ఓకూ, కంపెనీ సెక్రటరీకీ పెంపు శాతం ఇస్తే చాలు. రూపాయలు రాయమని ఆ నియమం అడగదు. మీ సీఎఫ్‌ఓ పేరు ఎదుట 155 శాతం ఉండి మొత్తం లేకపోవడానికి కారణం ఇదే. దాచడం అనుకోనక్కరలేదు.

కార్పొరేట్ గవర్నెన్స్ నివేదికలోని పట్టిక సెబీ లిస్టింగ్ నిబంధనల వల్ల వస్తుంది. అది డైరెక్టర్లకు మాత్రమే. స్థిరమైన భాగం ఎంత, పనితీరును బట్టి వచ్చేది ఎంత, నోటీసు వ్యవధి, ఉద్యోగం నుంచి తప్పిస్తే ఇచ్చే సొమ్ము, స్టాక్ ఆప్షన్లు అన్నీ అక్కడ ఉంటాయి. మేనేజింగ్ డైరెక్టరు విషయంలో అన్నిటికంటే వివరమైన చోటు అది.

లెక్కల నోట్స్‌లోనిది అకౌంటింగ్ ప్రమాణం ఇండ్-ఏఎస్ 24 ప్రకారం రాసే రిలేటెడ్ పార్టీ నోట్. కీలక సిబ్బంది అందరికీ కలిపి మొత్తంగా, కొన్ని వర్గాలుగా విడదీసి చూపితే ఆ ప్రమాణానికి సరిపోతుంది. పేరుపేరునా ఇవ్వడం చాలా కంపెనీల ఆనవాయితీ కాబట్టి మీకు పేర్లు కనిపించాయి.

ఒక చిన్న చిట్కా కూడా రాస్తాను. చట్టంలో వాడిన మాట Key Managerial Personnel, అకౌంటింగ్ ప్రమాణంలో వాడిన మాట Key Management Personnel. పీడీఎఫ్‌లో ఒకటి వెతికితే రెండోది రాదు. రెండూ వెతకండి, 197(12) అని కూడా వెతకండి. చిన్న కంపెనీలు అనుబంధాలను స్కాన్ చేసి బొమ్మలుగా అతికిస్తాయి. అలాంటప్పుడు వెతుకులాటలో ఏమీ రాదు, బోర్డు నివేదిక చివరి పేజీలను చేత్తో తిప్పుకుంటూ పోవలసిందే.

మీ దగ్గర ఉన్న నోట్ ఈ ఒక్క కంపెనీవే అయిన స్టాండలోన్ లెక్కలదా, అనుబంధ సంస్థలతో కలిపిన కన్సాలిడేటెడ్ లెక్కలదా? ముందు అది చూసి చెప్పండి.

---

బెజవాడ మదుపరి
జూలై 21, రాత్రి

ధన్యవాదాలు సర్. 8.50 కోట్లు ఉన్నది కన్సాలిడేటెడ్ లెక్కల నోట్‌లో. మీరు అడిగాక స్టాండలోన్ నోట్ తెరిచి చూస్తే అక్కడ ఆయన పేరు ఎదుట 7 కోట్లే ఉంది. అంటే 1.50 కోట్లు అనుబంధ సంస్థ నుంచి వస్తున్నాయా?

---

పాత కంపెనీ సెక్రటరీ
జూలై 22, ఉదయం

దాదాపు ఖాయంగా అంతే. మందుల కంపెనీ అన్నారు కాబట్టి విదేశంలో అమ్మకాల సంస్థ ఒకటి ఉండి, ఆయన అక్కడ కూడా డైరెక్టరుగా జీతం తీసుకుంటూ ఉండవచ్చు. 197వ సెక్షన్ 14వ ఉపసెక్షన్ ప్రకారం, కంపెనీ నుంచి కమీషన్ తీసుకునే మేనేజింగ్ డైరెక్టరు మాతృసంస్థ నుంచి గానీ అనుబంధ సంస్థ నుంచి గానీ పారితోషికం తీసుకోవచ్చు. అయితే ఆ సంగతి బోర్డు నివేదికలో చెప్పాలి. ఒక్క వాక్యంగా ఉంటుంది, సాధారణంగా పారితోషిక విధానం గురించి రాసిన పేరాల మధ్య. దాన్ని పట్టుకుంటే ఏ సంస్థ నుంచి వచ్చిందో తెలుస్తుంది.

గవర్నెన్స్ నివేదిక చూసినవాడు 7 అంటాడు, కన్సాలిడేటెడ్ నోట్ చూసినవాడు 8.50 అంటాడు. షేరు మీద లాభాన్ని మీరు కన్సాలిడేటెడ్ లెక్కల నుంచి తీసుకుంటున్నట్లయితే, ఆయన జీతాన్ని కూడా అక్కడి నుంచే తీసుకోవడం న్యాయం.

---

గుంటూరు లెక్కల మాస్టారు
జూలై 22, మధ్యాహ్నం

సీఎఫ్‌ఓ చిక్కును నేను విప్పే ప్రయత్నం చేస్తాను. మదుపరి గారూ, నోట్‌లోని 1.45 కోట్లను వర్గాలుగా విడదీసి చూపారా? అలాగే ఆ కంపెనీ వెబ్‌సైటులో ఎంజీటీ-7 దొరికిందా?

---

బెజవాడ మదుపరి
జూలై 22, సాయంత్రం

దొరికింది మాస్టారూ. ముసాయిదాయే కానీ పారితోషికం భాగం నింపి ఉంది. నోట్‌లో సీఎఫ్‌ఓకు స్వల్పకాలిక ప్రయోజనాలు 1.10 కోట్లు, షేర్ల ఆధారిత చెల్లింపు 0.35 కోట్లు. నిరుడు ఇవి 1.02, 0.28. ఎంజీటీ-7లో మాత్రం స్థూల వేతనం 1.10 కోట్లు, స్టాక్ ఆప్షన్ 1.50 కోట్లు, మొత్తం 2.60 కోట్లు అని ఉంది. నిరుటి ఎంజీటీ-7లో స్టాక్ ఆప్షన్ వరుస ఖాళీ, మొత్తం 1.02 కోట్లు.

---

గుంటూరు లెక్కల మాస్టారు
జూలై 22, రాత్రి

అయితే లెక్క కుదిరింది. 1.02 నుంచి 2.60కి పెరిగితే అది 155 శాతం. బోర్డు నివేదికలోని శాతం ఎంజీటీ-7లోని మొత్తాల నుంచి వచ్చిందన్నమాట. ఆయన జీతం పెరిగింది 1.02 నుంచి 1.10కి, అంటే దాదాపు 8 శాతం. ఇది ఉద్యోగుల సగటు పెంపు 9 శాతం కంటే తక్కువే. మిగిలినదంతా ఈసాప్, అంటే ఉద్యోగులకు ఇచ్చే స్టాక్ ఆప్షన్లు.

ఇప్పుడు ఒకే ఈసాప్ ఒకచోట 0.35, ఇంకోచోట 1.50 ఎలా అయిందో చూడాలి. 1.50 కోట్లు పన్ను లెక్క. ఉద్యోగి తన ఆప్షన్లను వాడుకొని షేర్లు తీసుకున్న రోజున మార్కెట్ ధర ఎంత, అతడు కట్టిన ధర ఎంత, ఆ తేడాను తీసుకున్న షేర్ల సంఖ్యతో గుణించి వచ్చినదాన్ని పెర్క్విజిట్‌గా లెక్కగడతారు. ఉదాహరణకు 200 రూపాయలకు తీసుకునే హక్కు ఉన్న 30,000 ఆప్షన్లను షేరు 700 ఉన్న రోజు వాడుకుంటే, 500 ఇంటూ 30,000 చేస్తే సరిగ్గా 1.50 కోట్లు. 0.35 కోట్లు అకౌంటింగ్ లెక్క. ఆప్షన్లు మంజూరు చేసిన నాటికి వాటి విలువ ఎంతో ఒక నమూనాతో అంచనా కట్టి, ఉద్యోగి వాటికి అర్హుడయ్యే ఏళ్ల మీద పంచి, ఏటా కొంత ఖర్చుగా రాస్తారు. ఆ తరువాత షేరు ధర ఏడు వందలైనా ఏడు వేలైనా ఆ ఖర్చు మారదు.

---

శేషు, విశాఖ
జూలై 23, ఉదయం

అలాగైతే ఆయనకు వచ్చిన అసలు మొత్తం 1.10, 1.50, 0.35 కలిపి 2.95 కోట్లు అనుకోవచ్చు కదా?

---

గుంటూరు లెక్కల మాస్టారు
జూలై 23, ఉదయం

వద్దండి శేషు గారూ. అలా కలిపితే ఒకే ఆప్షన్లను రెండుసార్లు లెక్కపెట్టినట్లవుతుంది. ఈ ఏడాది వాడుకున్న ఆప్షన్ల ఖర్చును కంపెనీ గత రెండు మూడేళ్లలోనే కొంచెం కొంచెంగా రాసేసి ఉంటుంది. ఈ ఏటి 0.35లో ఎక్కువ భాగం ఇంకా ఆయన చేతికి రాని కొత్త ఆప్షన్లది. కంపెనీ ఎంత ఖర్చుపెడుతోంది అన్న ప్రశ్నకు 1.45 జవాబు, మనిషికి ఎంత దక్కింది అన్న ప్రశ్నకు 2.60 జవాబు. రెంటిలో ఒకదాన్ని ఎంచుకొని, ప్రతి ఏడాదీ దాన్నే చూసుకోవాలి.

---

పాత కంపెనీ సెక్రటరీ
జూలై 23, మధ్యాహ్నం

మాస్టారు చెప్పినదానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. 2021-22లో ఇన్ఫోసిస్ ముఖ్య కార్యనిర్వహణాధికారి సలీల్ పరేఖ్ పారితోషికం 71.02 కోట్లు, అంతకు ముందు ఏడాది 49.68 కోట్లు. పత్రికలన్నీ 43 శాతం పెంపు అని పెద్ద అక్షరాలతో వేశాయి. ఆ 71.02 కోట్లలో 52.33 కోట్లు ఆయన ఆ ఏడాది షేరు యూనిట్లను వాడుకున్నందువల్ల వచ్చిన పెర్క్విజిట్ విలువ. దాన్ని తీసేస్తే మిగిలేది 18.69 కోట్లు. ఆ షేరు యూనిట్లు కంపెనీ అంతకు ముందు మంజూరు చేసినవి. వాటి విలువ అంతగా కనిపించడానికి షేరు ధర పెరగడం ఒక కారణం, వాటిని ఆ ఏడాది వాడుకోవడం ఇంకొక కారణం.

మధ్యస్థ వేతనంతో పోల్చిన నిష్పత్తి కూడా దీనివల్లే ఊగుతుంది. ఆ ఏడాది ఇన్ఫోసిస్ చూపిన మధ్యస్థ వేతనం 8,14,332 రూపాయలు. 71.02 కోట్లను దానితో భాగిస్తే 872 రెట్లు, 18.69 కోట్లను భాగిస్తే సుమారు 230 రెట్లు. మనిషి ఒక్కడే, ఏడాది ఒక్కటే. ఈ నిష్పత్తిని రెండు కంపెనీల మధ్య పోల్చేవారు ఈసాప్ కలిపారా లేదా అన్నది పట్టిక కింద ఉండే సన్న అక్షరాల గమనికలో చూడకుండా పోల్చకూడదు.

---

న్యూజెర్సీ తెలుగువాడు
జూలై 23, రాత్రి

ఇక్కడ అమెరికాలో పద్ధతి వేరు. లిస్టయిన కంపెనీ వాటాదారుల సమావేశానికి ముందు దాఖలు చేసే DEF 14A అనే పత్రంలో Summary Compensation Table అని ఒకే పట్టిక ఉంటుంది. సీఈఓ, సీఎఫ్‌ఓ, వారి తరువాత ఎక్కువ జీతం తీసుకునే ముగ్గురు అధికారులు, మూడేళ్ల అంకెలతో సహా అందులో ఉంటారు. షేర్లను మంజూరు చేసిన నాటి విలువతో ఆ ఏడాదే మొత్తంగా చూపిస్తారు. అందువల్ల నేను పనిచేసే రంగంలో ఇక్కడి కంపెనీ సీఈఓను, అక్కడి కంపెనీ సీఈఓను పక్కపక్కన పెట్టి ఇతనికి ఎక్కువ, అతనికి తక్కువ అని వాట్సాప్‌లో వాదించుకునేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. ఒకటి మంజూరు చేసిన రోజు విలువ, ఇంకొకటి చేతికి వచ్చిన రోజు విలువ.

---

రాధ, కరీంనగర్
జూలై 24, ఉదయం

నేను హైదరాబాదులో ఒక లిస్టెడ్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా విభాగాధిపతికి ఎంత జీతం ఇస్తున్నారో తెలుసుకోవాలని ఉంది. ఈ ఏడాది మాకు సగటున 9 శాతం పెంచామని వార్షిక నివేదికలో రాశారు, నాకు వచ్చింది 4 శాతం. ఆయన జీతం నివేదికలో ఏ పేజీలో ఉంటుంది? నాకు 9 శాతం ఇవ్వాలని ఆ వాక్యం చూపించి అడగవచ్చా?

---

పాత కంపెనీ సెక్రటరీ
జూలై 24, మధ్యాహ్నం

రాధ గారూ, ఆ 9 శాతం సగటు మాత్రమే, హామీ కాదు. దాన్ని చూపించి మీ పెంపును అడగడం కుదరదు. కంపెనీని బట్టి ఆ సగటును లెక్కకట్టే తీరు కూడా మారుతుంది. ఏడాది మధ్యలో చేరినవారిని, వెళ్లిపోయినవారిని కొందరు కలుపుతారు, కొందరు వదిలేస్తారు.

మీ విభాగాధిపతి సంగతి. కీలక నిర్వాహక సిబ్బంది అంటే చట్టం లెక్కలో మేనేజింగ్ డైరెక్టరు లేదా సీఈఓ లేదా మేనేజరు, పూర్తికాల డైరెక్టర్లు, సీఎఫ్‌ఓ, కంపెనీ సెక్రటరీ, వీరు కాక డైరెక్టర్లకు ఒక మెట్టు కిందివరకు ఉన్నవారిలో బోర్డు ప్రత్యేకంగా ప్రకటించినవారు. ఎంత పెద్ద విభాగానికి అధిపతి అయినా బోర్డు అలా ప్రకటించకపోతే ఆయన ఈ జాబితాలోకి రారు. సీనియర్ మేనేజ్‌మెంట్ పేర్లను గవర్నెన్స్ నివేదికలో ఇవ్వాలని సెబీ అడుగుతుంది కానీ వారి జీతాలు అడగదు.

అయితే ఇంకొక దారి ఉంది. 5వ నియమం రెండో ఉపనియమం కింద, కంపెనీలో అత్యధికంగా తీసుకునే పదిమంది పేర్లతో, ఏడాదికి 1.02 కోట్లకు తగ్గకుండా తీసుకున్న ప్రతి ఉద్యోగి పేరుతో ఒక ప్రకటన తయారుచేయాలి. ఏడాదిలో కొంత కాలమే పనిచేసినవారికైతే నెలకు 8.5 లక్షలు హద్దు. అందులో హోదా, జీతం, చదువు, అనుభవం, వయసు, ఇంతకు ముందు పనిచేసిన చోటు, డైరెక్టరుకు బంధువైతే ఆ సంగతి కూడా ఉంటాయి. మీ అధిపతి ఆ హద్దు దాటి ఉంటే అందులో ఉంటారు. కానీ ఆ ప్రకటనను ఎక్కువ కంపెనీలు నివేదికతో పాటు పంపవు. 136వ సెక్షన్ దానికి వీలు కల్పిస్తుంది. అడిగిన సభ్యుడికి విడిగా ఇస్తామని బోర్డు నివేదికలో ఒక పేరా రాసి ఊరుకుంటారు. సభ్యుడంటే వాటాదారు. ఉద్యోగి అయినంత మాత్రాన ఆ హక్కు రాదు, ఒక్క షేరు ఉన్నా వస్తుంది.

---

ఖమ్మం వాటాదారు
జూలై 24, రాత్రి

పైన చెప్పిన ప్రకటన కోసం నేను ఒక కంపెనీకి రాశాను. మొదటి ఈమెయిల్‌కు జవాబు రాలేదు. రెండోసారి నా పేరు, డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ, పాన్ ప్రకారం పేరు, అన్నీ రాసి, బోర్డు నివేదికలో వారే ఇస్తామన్న పేరా సంఖ్యను ఉటంకించి, నివేదికలో ఇచ్చిన కంపెనీ సెక్రటరీ చిరునామాకే పంపాను. అప్పుడు పీడీఎఫ్ వచ్చింది. మొదటిసారి నేను ఇన్వెస్టర్ రిలేషన్స్ వారికి రాశాను, అక్కడే ఆగిపోయి ఉంటుంది. వచ్చిన ప్రకటన చూస్తే, మేనేజింగ్ డైరెక్టరు కంటే ఎక్కువ తీసుకున్నవారు ఇద్దరు ఉన్నారు. ఇద్దరూ విదేశీ మార్కెట్లు చూసే అధికారులే. వార్షిక నివేదికలో వారి పేరు కూడా లేదు.

ఇంకొక సంగతి అడగాలి. నాకు ఎన్‌ఎండీసీ షేర్లు కూడా ఉన్నాయి. దాని బోర్డు నివేదికలో మధ్యస్థ వేతన నిష్పత్తి పట్టికే కనిపించలేదు. ప్రభుత్వ సంస్థే నిబంధన పాటించకపోతే ఎలా?

---

పాత కంపెనీ సెక్రటరీ
జూలై 25, ఉదయం

ఉల్లంఘన కాదండి. 2015 జూన్ 5 నాటి నోటిఫికేషన్‌తో కేంద్రం ప్రభుత్వ కంపెనీలకు 197వ సెక్షన్ నుంచి మినహాయింపు ఇచ్చింది. అందుకే నిష్పత్తి, పెంపు శాతం అక్కడ వెతికినా దొరకవు. చైర్మన్‌కు, ఫంక్షనల్ డైరెక్టర్లకు ఎంత ఇచ్చారన్నది మాత్రం గవర్నెన్స్ నివేదికలో, రిలేటెడ్ పార్టీ నోట్‌లో చూడవచ్చు. పే స్కేళ్లు ముందే ప్రకటించి ఉంటాయి కాబట్టి అక్కడ ఆశ్చర్యపడే సంగతులు తక్కువ. ఒకే ఏడాదిలో ఒకరి మొత్తం హఠాత్తుగా పెరిగి కనిపిస్తే పాత బకాయిలో, పదవీ విరమణ సొమ్మో కలిసి ఉంటుంది. ఆయన ఏ నెలలో దిగిపోయారో చూస్తే అర్థమవుతుంది.

---

బెజవాడ మదుపరి
జూలై 25, మధ్యాహ్నం

మేనేజింగ్ డైరెక్టరు 7 కోట్లను విడదీసి చూశాను. జీతం 2.40, పెర్క్విజిట్లు 0.30, భవిష్యనిధి 0.30, కమీషన్ 4.00. గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము ఎక్కడా లేవు. పట్టిక కింద మాత్రం అవి కంపెనీ మొత్తానికి ఆక్చువరీ, అంటే ముందు ముందు చెల్లించవలసినవాటిని అంచనా కట్టే నిపుణుడి లెక్కతో కట్టినవి కనుక ఇందులో కలపలేదని ఒక గమనిక ఉంది. వాటిని ఎంత అనుకోవాలి? అలాగే కమీషన్ ఏ ఏడాదిది?

---

గుంటూరు లెక్కల మాస్టారు
జూలై 25, సాయంత్రం

ఆ గమనిక దాదాపు ప్రతి కంపెనీలోనూ అదే మాటలతో ఉంటుంది. నా ఉద్దేశంలో ఇది ఒప్పుకోదగిన సాకు కాదు, ఎందుకంటే ఒక మనిషి నెలజీతం, పనిచేసిన ఏళ్లు తెలిస్తే గ్రాట్యుటీ సుమారుగా ఎవరైనా కట్టగలరు. గ్రాట్యుటీ చట్టం ప్రకారం పోతే చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి 20 లక్షలే కాబట్టి 7 కోట్ల ముందు అది పెద్ద మొత్తం కాదు. కానీ పై అధికారులకు ఆ పరిమితిని మించి ఇచ్చే ఒప్పందాలు ఉంటాయి, అసలు విషయం అక్కడ ఉంది.

కమీషన్ మాత్రం జాగ్రత్తగా చూడాలి. అది ఆ ఏడాది లాభం మీద లెక్కకట్టేది, సాధారణంగా లెక్కలు ఆమోదం పొందాక చెల్లిస్తారు. నివేదికలో 4 కోట్లు అని ఉంటే అది ఈ ఏటి లాభానికి చెందిన కమీషన్, డబ్బు చేతికి వచ్చేది వచ్చే ఆర్థిక సంవత్సరంలో. రిలేటెడ్ పార్టీ నోట్ చివర, సంవత్సరాంతానికి చెల్లించవలసిన మొత్తాల పట్టికలో అదే 4 కోట్లు ఆయన పేరు ఎదుట బాకీగా కనిపిస్తే మన లెక్క సరైనదని అనుకోవచ్చు.

---

పాత కంపెనీ సెక్రటరీ
జూలై 25, రాత్రి

గ్రాట్యుటీ విషయంలో మాస్టారితో నేను ఏకీభవించను. ఆక్చువరీ ఇచ్చే నివేదికలో మనిషి మనిషికీ విలువ ఉన్నా, ఆ ఏటి మార్పులో వడ్డీ రేటు మారడం వల్ల వచ్చింది ఎంత, ఆయన ఒక ఏడాది పనిచేసినందుకు వచ్చింది ఎంత అని విడదీయకుండా పట్టికలో వేస్తే, వడ్డీ తగ్గిన ఏడాది ఆయన జీతం పెరిగినట్లు కనిపిస్తుంది. పాఠకుడికి అది మేలు కాదు.

---

గుంటూరు లెక్కల మాస్టారు
జూలై 26, ఉదయం

విడదీసి ఒక గమనిక రాస్తే సరిపోతుంది కదా సర్. ఈసాప్‌కు రాస్తున్నప్పుడు దీనికి ఎందుకు రాయకూడదు?

---

శేషు, విశాఖ
జూలై 26, మధ్యాహ్నం

మేనేజింగ్ డైరెక్టరుకు లాభంలో 5 శాతం మించి ఇవ్వకూడదని చట్టం ఉంది కదా. లాభనష్టాల ఖాతాలోని నికరలాభంలో 5 శాతం కట్టి చూస్తే హద్దు దాటారో లేదో తేలిపోతుంది.

---

పాత కంపెనీ సెక్రటరీ
జూలై 26, సాయంత్రం

5 శాతం అన్నది సరైనదే, ఒకే పూర్తికాల డైరెక్టరు ఉన్నప్పుడు. ఒకరికంటే ఎక్కువమంది ఉంటే అందరికీ కలిపి 10 శాతం, మొత్తం డైరెక్టర్లందరికీ 11 శాతం. అయితే ఆ లాభం లాభనష్టాల ఖాతా చివర కనిపించే అంకె కాదు. 198వ సెక్షన్ ప్రకారం వేరుగా కట్టేది. ఆదాయపు పన్నును అందులో తీసివేయరు, ఆస్తులు అమ్మగా వచ్చిన మూలధన లాభాలను కలపరు. అందువల్ల రెండు అంకెల మధ్య చాలా తేడా రావచ్చు. ప్రత్యేక తీర్మానంతో ఆ హద్దులు దాటే వీలు కూడా ఉంది.

మదుపరి గారు చూడదగినది ఇంకొకటి ఉంది. ప్రమోటర్ కుటుంబానికి చెందిన ఒక ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు పారితోషికం 5 కోట్లు గానీ, నికరలాభంలో 2.5 శాతం గానీ, రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించితే, వాటాదారుల ప్రత్యేక తీర్మానం ఉండాలని సెబీ నిబంధన. 198 ప్రకారం మీ కంపెనీ లాభం ఎంత?

---

బెజవాడ మదుపరి
జూలై 26, రాత్రి

సమావేశపు నోటీసులో 320 కోట్లు అని ఉంది సర్. 2.5 శాతం అంటే 8 కోట్లు. కంపెనీ ఇచ్చే 7 కోట్లు అయితే హద్దు లోపలే, అనుబంధ సంస్థ ఇచ్చే 1.50 కోట్లు కలిపితే 8.50, హద్దు బయట. నోటీసులో ఆయన పునర్నియామకానికి సాధారణ తీర్మానమే పెట్టారు.

---

ఖమ్మం వాటాదారు
జూలై 27, ఉదయం

నిబంధన ఉద్దేశం ప్రమోటరు ఎంత తీసుకుంటున్నాడన్నది వాటాదారులు చూడాలని. ఏ జేబులోంచి ఇచ్చినా మన డబ్బే. కలపాలి.

---

గుంటూరు లెక్కల మాస్టారు
జూలై 27, ఉదయం

హద్దును కట్టింది ఒక్క కంపెనీ లాభం మీద అయినప్పుడు, పోల్చవలసిన జీతం కూడా ఆ ఒక్క కంపెనీ ఇచ్చిందే అవుతుంది. లాభం స్టాండలోన్, జీతం కన్సాలిడేటెడ్ అంటే లెక్క కుదరదు.

---

పాత కంపెనీ సెక్రటరీ
జూలై 27, మధ్యాహ్నం

రెండు వాదనలనూ కంపెనీల బోర్డు గదుల్లో విన్నవాణ్ణి నేను. మదుపరి గారూ, నోటీసుకు జతచేసిన వివరణ ప్రకటనలో ఆయన పునర్నియామక షరతుల పేరా మరోసారి చదవండి. అనుబంధ సంస్థల నుంచి తీసుకునేది ఈ పారితోషికంలో భాగమా, దానికి అదనమా అన్నది చాలా కంపెనీలు అక్కడ ఒక వాక్యంలో రాస్తాయి. భాగమని రాసి ఉంటే సాధారణ తీర్మానం ఎలా సరిపోయిందని అడిగే హక్కు మీకు స్పష్టంగా ఉంది. వక్తగా పేరు నమోదు చేసుకునే గడువు నోటీసులోనే ఉంటుంది, సమావేశానికి కొన్ని రోజుల ముందే ముగుస్తుంది. ప్రశ్నను రాతపూర్వకంగా కంపెనీ సెక్రటరీకి ముందే పంపి, రెండు పేజీల సంఖ్యలూ అందులో రాయండి. పేజీ సంఖ్య లేని ప్రశ్నకు సమావేశంలో ధన్యవాదాలు తప్ప ఇంకేమీ దొరకవు.

---

బెజవాడ మదుపరి
జూలై 27, సాయంత్రం

వివరణ ప్రకటనలో "అదనంగా" అనే ఉంది సర్. గడువు ఎల్లుండి వరకు. పేరు నమోదు చేసుకున్నాను, ప్రశ్న కూడా పంపుతున్నాను. ఏం జవాబు వచ్చినా ఇక్కడే రాస్తాను.